గృహరుణం గడువు 216 నెలల నుంచి 144 నెలలకు తగ్గించమని మేనేజరు గారికి లేఖ: లెక్కా, మాటా సరిగా ఉన్నాయా?

రేణిగుంట ఇంజినీరు

అందరికీ నమస్కారం. నేను రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో ఇంజినీరుగా పనిచేస్తున్నాను. 2022 ఆరంభంలో తిరుచానూరు రోడ్డు పక్కన ఫ్లాటు కొనడానికి నేనూ, మా నాన్నగారూ కలిసి 20 ఏళ్ల గడువుతో గృహరుణం తీసుకున్నాము. నాలుగేళ్లుగా ఒక్క వాయిదా కూడా తప్పలేదు కనుక ఇంకా 192 నెలలు మిగిలి ఉండాలని అనుకున్నాను. బ్యాంకు యాప్‌లో చూస్తే 216 అని కనిపిస్తోంది. ఈరోజు అసలు బాకీ 24,00,000 రూపాయలు, మారే వడ్డీ 8 శాతం, నెల వాయిదా 21,000.

ఈ ఏడాది జీతం పెరిగి చేతికి 68,000 వస్తోంది. నెలకు 26,000 వరకు కట్టగలను. అందుకని మా శాఖ మేనేజరు గారికి ఇవ్వాలని ఈ లేఖ రాసుకున్నాను:

"గౌరవనీయులైన మేనేజరు గారికి, మీ శాఖలో నాకున్న గృహరుణం గడువును దయచేసి తగ్గించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. నా జీతం పెరిగినందున ఎక్కువ వాయిదా కట్టగలను. నా అభ్యర్థనను సానుభూతితో పరిశీలించగలరు."

ఇది సరిపోతుందా? లెక్క కూడా జతచేయాలంటే ఏ రూపంలో చూపాలి? బ్యాంకులో పనిచేసినవారు ఎవరైనా చూసి చెబితే మేలు.

పుత్తూరు పంతులు

బాబూ, లెక్క చాలా తేలిక. 216 నెలలు 144 అయితే 72 నెలలు మిగులుతాయి. 72ను 21,000తో గుణిస్తే 15,12,000. అంత లాభం కనిపిస్తుంటే మేనేజరు గారు కాదనడానికి ఏముంది? కాకపోతే ఆదాయపు పన్నులో గృహరుణ వడ్డీకి ఏటా 2 లక్షల వరకు మినహాయింపు ఉంది. గడువు తగ్గించుకుంటే ఆ మినహాయింపు పోతుంది. ఆ కారణం చేతనే మా బడిలో చాలామంది అప్పును త్వరగా తీర్చరు. తొందరపడవద్దు.

పలమనేరు పాడి

నాకూ ఇదే జరిగింది అన్నా. ఒక ఫైనాన్స్ సంస్థలో పాల వ్యాను మీద అప్పు తీసుకుని, గడువుకన్నా ముందే తీర్చేస్తానంటే మిగిలిన బాకీ మీద ఇంత శాతమని రుసుము వేశారు. లేఖ రాసినా వినలేదు. ముందు ఆ రుసుము ఎంతో అడుగు, ఆ తర్వాతే లేఖ ఇవ్వు.

చిత్తూరు విశ్రాంత అధికారి

ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు కౌంటరుకు అవతలి వైపున కూర్చున్నవాణ్ణి కనుక ఒక్కొక్కటిగా చెబుతాను.

పాలవ్యాను అప్పు స్థిర వడ్డీ మీద ఇచ్చినదై ఉంటుంది, దాని ఒప్పందం వేరు. వ్యక్తులు మారే వడ్డీపై తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీర్చినందుకు బ్యాంకు అపరాధ రుసుము వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012 జూన్‌లోనే చెప్పింది. మీ విషయంలో ఆ భయం అక్కరలేదు.

మీ 192 ఎందుకు 216 అయిందో ముందు తెలుసుకోండి, ఎందుకంటే లేఖలో అడగవలసిన విషయం అందులోనే ఉంది. రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, అంటే రెపో రేటు, 2022 మే మొదట్లో 4 శాతం ఉండేది, 2023 ఫిబ్రవరి నాటికి 6.50కి చేరింది. మీ రుణం రెపోతో ముడిపడి ఉంటే వడ్డీ కూడా అంతే పెరిగింది. అప్పుడు బ్యాంకు మీ వాయిదాను కొంత పెంచి, మిగిలిన భారాన్ని గడువులోకి నెట్టి ఉంటుంది. 2025లో రెపో దశలవారీగా తగ్గి డిసెంబరుకు 5.25కి వచ్చాక కొన్ని నెలలు వెనక్కి వచ్చాయి కానీ, పోయినవన్నీ రాలేదు. వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవడమా, గడువు పెంచుకోవడమా, రెండూ కొంతకొంతా అన్నది రుణగ్రహీతనే అడగాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న బ్యాంకులకు సూచించింది. అందువల్ల మీరు అడుగుతున్నది మీకున్న వెసులుబాటు. "సానుభూతితో" అన్న మాట తీసివేయండి.

ఇక అసలు లోపం. "గడువు తగ్గించండి" అని మాత్రమే రాసిన లేఖ చేతికి వస్తే నేనైతే పక్కన పెట్టేవాణ్ణి. బాకీ, వడ్డీ రేటు, వాయిదా, గడువు అనే నాలుగింటిలో మూడు తెలిస్తే నాలుగోది దానంతట అదే తేలుతుంది. బాకీ, రేటు మీ చేతిలో లేవు. కనుక మీరు చెప్పగలిగింది వాయిదా ఒక్కటే. "నా వాయిదాను ఫలానా నెల నుంచి 26,000 చేయండి, ఆ మేరకు గడువు తగ్గించి సవరించిన వాయిదాల పట్టిక ఇవ్వండి" అని రాస్తే గుమాస్తా కూడా కంప్యూటరులో ఏ అంకె మార్చాలో తెలుసుకోగలడు.

లెక్కల పిచ్చి

పంతులు గారూ, మీ 15,12,000లో సగం చెప్పి సగం వదిలేశారు. 72 వాయిదాలు తప్పుతాయన్నది నిజమే. కానీ మిగతా 144 నెలలూ నెలకు 5,000 అదనంగా కడుతున్నాడు కదా, అది 7,20,000. తీసివేస్తే మిగిలేది 7,92,000. చివరి వాయిదా పూర్తిగా ఉండదు కనుక కచ్చితంగా వేస్తే 7 లక్షల 97 వేల దగ్గరికి వస్తుంది. మేనేజరు గారికి 15 లక్షలని రాసి పంపితే మొదటి చూపులోనే లేఖ పరువు పోతుంది.

ఇంజినీరు గారూ, ఏ స్ప్రెడ్‌షీటులోనైనా ఈ వరుసలు వేసి చూడండి:

```
=NPER(8%/12,-21000,2400000)
=NPER(8%/12,-26000,2400000)
```

మొదటిది 215.98, రెండోది 143.80 ఇస్తుంది. పై పూర్ణాంకానికి సవరిస్తే 216, 144.

వాయిదా నాలుగో వంతు కూడా పెరగకుండానే గడువు మూడో వంతు ఎలా తగ్గిందని అడుగుతారేమో, మొదటి నెలను విప్పి చూడండి. 24 లక్షల మీద 8 శాతం చొప్పున ఒక నెల వడ్డీ 16,000. మీరు కట్టే 21,000లో అసలుకు జమయ్యేది 5,000 మాత్రమే. 26,000 కడితే వడ్డీ అదే 16,000 కనుక అసలుకు 10,000 పోతుంది. అంటే పెంచిన ప్రతి రూపాయీ నేరుగా అసలులోకే వెళ్లి, అసలు తరిగే వేగం మొదటి నెలలోనే రెట్టింపవుతుంది. లేఖలో వేరే ఏ అంకె లేకపోయినా ఈ ఒక్కటి ఉంటే చాలని నా ఉద్దేశం.

పుత్తూరు పంతులు

అదనంగా కట్టేది తీసివేయాలన్న మాట ఒప్పుకుంటాను. పన్ను సంగతి ఏమిటి మరి?

లెక్కల పిచ్చి

అదీ వేసి చూశాను. ఇప్పటి వాయిదాతో మొదటి ఏడాది వడ్డీ సుమారు 1,89,750. వాయిదా 26,000 చేస్తే సుమారు 1,87,500. మినహాయింపులో తేడా 2,250 రూపాయలు, దాని మీద పన్ను కొన్ని వందలు. తర్వాతి ఏళ్లలో ఆ తేడా పెరుగుతుంది కానీ, ముప్పై రూపాయల పన్ను మిగుల్చుకోవడానికి బ్యాంకుకు వంద రూపాయల వడ్డీ కట్టడంలో నాకు తెలివి కనిపించదు. పైగా ఇదంతా పాత పన్ను విధానంలో ఉన్నవారికే. కొత్త విధానం ఎంచుకుని సొంత ఇంట్లో ఉంటున్నవారికి ఆ 2 లక్షల మినహాయింపు అసలు లేదు. ఇంజినీరు గారు ఏ విధానంలో ఉన్నారో చెప్పలేదు.

రేణిగుంట ఇంజినీరు

కొత్త విధానంలోనే ఉన్నాను సార్, అందువల్ల ఆ ప్రశ్న లేదు. ఇంకొక సందేహం. దీపావళికి బోనస్‌తో కలిపి 2 లక్షలు ఒకేసారి కట్టగలిగితే అదీ ఈ లేఖలోనే రాయవచ్చా, లేక వేరే లేఖ ఇవ్వాలా?

చిత్తూరు విశ్రాంత అధికారి

వేరే లేఖ ఇవ్వండి, డబ్బు కట్టే రోజునే ఇవ్వండి. మీరొక్కరే కాదు, చాలామంది మోసపోయేది ఇక్కడే కనుక కాస్త వివరంగా చెబుతాను.

2 లక్షలు కట్టగానే బాకీ 22 లక్షలవుతుంది. అక్కడి నుంచి కంప్యూటరుకు రెండు దారులున్నాయి. వాయిదాను 21,000గానే ఉంచి గడువు తగ్గించవచ్చు, లేదా గడువును 216గానే ఉంచి వాయిదా తగ్గించవచ్చు. మొదటి దారిలో 181 నెలల్లో అప్పు తీరుతుంది, మీకు వడ్డీలో సుమారు 5 లక్షల 47 వేలు మిగులుతుంది. రెండో దారిలో వాయిదా 19,249 అవుతుంది, నెలనెలా చేతిలో కొంత మిగిలినట్టు కనిపిస్తుంది కానీ, మొత్తం మీద మిగిలే వడ్డీ సుమారు 1 లక్షా 78 వేలు మాత్రమే. కట్టిన సొమ్ము ఒకటే, ఫలితం మూడో వంతు. ఏ దారి పట్టాలో మీరు చెప్పకపోతే ఆ శాఖలో ఏది అలవాటో అది జరిగిపోతుంది. అందువల్ల "వాయిదా మార్చకుండా గడువు మాత్రమే తగ్గించవలెను" అన్న వాక్యం తప్పనిసరిగా ఉండాలి.

మూడో ప్రమాదం కూడా ఉంది. కొన్ని రుణ సంస్థలు ఆ సొమ్మును రాబోయే నెలల వాయిదాలకు ముందస్తు జమగా పెట్టుకుంటాయి. అలా అయితే అసలు తగ్గదు. తెలుసుకోవడం సులువు. మరుసటి నెల స్టేట్‌మెంటులో వడ్డీ పద్దు చూడండి. 22 లక్షల మీద నెల వడ్డీ సుమారు 14,667 ఉండాలి. ఇంకా 16,000 దగ్గరే ఉంటే మీ 2 లక్షలు అసలులోకి పోలేదని అర్థం. రోజువారీ లెక్కన వడ్డీ వేసే చోట నెలలోని రోజులను బట్టి కొన్ని రూపాయలు అటూఇటూ ఉంటుంది, దానికి కంగారుపడవద్దు.

కాళహస్తి కోడర్

నాకు మొదటి నుంచీ ఒక అభ్యంతరం ఉంది. అసలు లేఖ ఎందుకు? వాయిదాను 21,000గానే ఉంచి, జీతం పడిన రోజున యాప్ నుంచి రుణఖాతాకు నేరుగా 5,000 పంపిస్తే గణితం ఒకటే, 144 నెలలకే తీరుతుంది. నేను అలాగే చేస్తున్నాను. ఏదైనా నెలలో ఆసుపత్రి ఖర్చు వస్తే ఆ నెల మానేస్తాను, అడిగేవారు ఉండరు. లేఖ ఇచ్చి 26,000కు కట్టుబడితే ఆ 26,000 తప్పిన నెలే వాయిదా ఎగ్గొట్టినట్టు నమోదవుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. మన ఉద్యోగాలు ఎప్పుడు ఉంటాయో ఎప్పుడు పోతాయో తెలియని రోజుల్లో ఇది అవసరమా తమ్ముడూ?

చిత్తూరు విశ్రాంత అధికారి

మీ మాటలో బలం ఉంది, కాదనను. పెంచిన వాయిదాను తర్వాత మళ్లీ తగ్గించమంటే అది కొత్త అభ్యర్థన అవుతుంది. ఇబ్బందుల్లో ఉండి అడిగితే బ్యాంకు దాన్ని రుణ పునర్వ్యవస్థీకరణగా చూసే అవకాశం ఉంది, అది ఎవరికీ మంచిది కాదు. కానీ స్వచ్ఛందంగా కట్టే 5,000 మూడో నెలకో నాలుగో నెలకో ఆగిపోవడం నేను ఎంతోమంది ఖాతాల్లో చూశాను. మీరు క్రమం తప్పనివారు కావచ్చు, అందరూ అలా ఉండరు.

ఇంకొక తేడా ఉంది. రేపు వడ్డీ మళ్లీ 9 శాతానికి వెళ్లిందనుకోండి. వాయిదా 21,000గానే ఉంటే గడువు 216 నుంచి 261 నెలలకు సాగుతుంది. 26,000గా ఉంటే 144 నుంచి 158 నెలలు, అంతే. నెల వడ్డీకీ వాయిదాకూ మధ్య ఎడం ఎంత తక్కువ ఉంటే, చిన్న పెరుగుదలకు గడువు అంతగా సాగుతుంది. ఈ అబ్బాయికి 2022 తర్వాత జరిగింది అదే.

కాళహస్తి కోడర్

ఆ ఎడం నేను స్వచ్ఛందంగా కట్టినా ఉంటుంది కదా సార్. నేను ఏటా 60,000 అసలులో జమ చేస్తూనే ఉన్నాను.

లెక్కల పిచ్చి

మానకుండా కట్టినంత కాలం ఉంటుంది. ఇద్దరి లెక్కా ఒకటే, తేడా మనిషిలో ఉంది. దీన్ని స్ప్రెడ్‌షీటు తేల్చదు.

అవిలాల వాణిజ్య పట్టభద్రురాలు

ఒక చిన్న విషయం ఎవరూ చెప్పలేదు. మీ జీతం పడే ఖాతా ఒక బ్యాంకులో, గృహరుణం వేరే బ్యాంకులో ఉంటే వాయిదా నాచ్ మాండేటు ద్వారా, అంటే మీ ఖాతా నుంచి నెలనెలా తీసుకోమని మీరిచ్చిన అనుమతిపత్రం మీద, కట్ అవుతుంది. ఆ మాండేటులో గరిష్ఠ మొత్తం రాసి ఉంటుంది. మా వారి విషయంలో గరిష్ఠం 25,000 అని ఉంది, వాయిదా అంతకన్నా పెరిగిన మొదటి నెలలోనే అది తిరిగివచ్చింది, రెండు బ్యాంకులూ రుసుము వేశాయి. ఖాతాలో డబ్బు ఉన్నా అలా జరిగింది. వాయిదా పెంచే లేఖతో పాటే కొత్త మాండేటు ఫారం కూడా అడిగి తీసుకోండి.

మీ నాన్నగారు సహరుణగ్రహీత కనుక ఆయన సంతకం కూడా ఉండాలి. గడువు మారడమంటే ఒప్పందం మారడమే.

రేణిగుంట ఇంజినీరు

అందరికీ కృతజ్ఞతలు. జీతం ఖాతా వేరే బ్యాంకులోనే ఉంది, మాండేటు గరిష్ఠం చూశాను, 30,000 ఉంది కనుక ఇబ్బంది లేదు. కాళహస్తి అన్న చెప్పినది ఆలోచించాను కానీ, ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు విడిగా ఉంది కనుక వాయిదా పెంచడానికే నిర్ణయించుకున్నాను. లేఖను ఇలా తిరగరాశాను:

"శాఖ మేనేజరు గారికి,

విషయం: గృహరుణ ఖాతా నెలవాయిదా పెంపు, తదనుగుణంగా గడువు తగ్గింపు గురించి.

అయ్యా,

పై ఖాతాలో నేనూ, మా తండ్రిగారూ సహరుణగ్రహీతలుగా 2022లో 20 సంవత్సరాల గడువుతో గృహరుణం పొందియున్నాము. ఇంతవరకు వాయిదాలన్నీ సకాలంలో చెల్లించాము. వడ్డీ రేటు మార్పుల కారణంగా మిగిలిన గడువు ప్రస్తుతం 216 నెలలుగా చూపబడుతున్నది. నేటికి అసలు బాకీ రూ. 24,00,000, వడ్డీ రేటు సంవత్సరానికి 8 శాతం, నెలవాయిదా రూ. 21,000.

రాబోయే నెల నుంచి నెలవాయిదాను రూ. 26,000కు పెంచి, ఆ మేరకు మిగిలిన గడువును 144 నెలలకు తగ్గించవలసిందిగా కోరుతున్నాము. ప్రస్తుత వాయిదాలో మొదటి నెల రూ. 16,000 వడ్డీకి, రూ. 5,000 అసలుకు జమ అవుతున్నాయి. కోరిన వాయిదాలో అసలుకు రూ. 10,000 జమ అవుతుంది. వడ్డీ రేటు ఇదే విధంగా కొనసాగినట్లయితే ఇకపై చెల్లించవలసిన మొత్తం వడ్డీ సుమారు రూ. 21.36 లక్షల నుంచి రూ. 13.39 లక్షలకు తగ్గుతుంది. నా నికర నెలజీతం రూ. 68,000. కోరిన వాయిదా అందులో సుమారు 38 శాతం.

ఇకపై వడ్డీ రేటు మారినప్పుడు, రిజర్వు బ్యాంకు 18-8-2023 నాటి సూచనల మేరకు, మా సమ్మతి లేకుండా గడువును పొడిగించవద్దని, వాయిదా పెంపు అవకాశాన్ని ముందుగా మాకు తెలియజేయవలెనని మనవి. సవరించిన వాయిదాల పట్టికను, అమలు తేదీని లిఖితపూర్వకంగా తెలుపగలరు.

జతపరచినవి: గత మూడు నెలల జీతపు పత్రాలు, రుణఖాతా స్టేట్‌మెంటు, లెక్క కాగితం.

ఇట్లు, రుణగ్రహీత, సహరుణగ్రహీత సంతకాలు."

చిత్తూరు విశ్రాంత అధికారి

బాగుంది. రెండు సవరణలు చేయండి. "144 నెలలకు" అన్నచోట "సుమారు 144 నెలలకు" అనండి, ఎందుకంటే లేఖ ఇచ్చిన రోజుకూ అమలైన రోజుకూ మధ్య ఒక వాయిదా పడితే బాకీ మారిపోతుంది. అక్కడ మీరు గట్టిగా పట్టుకోవలసిన అంకె 26,000. రెండోది, ఖాతా సంఖ్యను విషయం పక్కనే రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

నిర్ణయం శాఖలోనే జరగకపోవచ్చు, గృహరుణాల విభాగానికి పంపుతామంటారు. అది మామూలే. అమలైన తర్వాత మొదటి నెల అసలుకు 10,000, రెండో నెల 10,067 పడాలి. బాకీ ఈలోగా తగ్గితే అంతకన్నా కాస్త ఎక్కువే పడుతుంది, తక్కువ పడకూడదు.

పలమనేరు పాడి

అయితే నా వ్యాను అప్పుకు ఇలాంటి లేఖ పనికిరాదా సార్?

చిత్తూరు విశ్రాంత అధికారి

మీ ఒప్పందపత్రంలో ముందస్తు చెల్లింపు అన్న శీర్షిక కింద ఏముందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను. స్థిర వడ్డీ అప్పుకు ఆ పేరాయే ఆధారం.

రేణిగుంట ఇంజినీరు

ఈరోజు ఉదయం లేఖ ఇచ్చాను. ముద్ర వేసి ఒక ప్రతి తిరిగి ఇచ్చారు. మేనేజరు గారు లెక్క కాగితం చూసి, వాయిదా పెంపు వరకు అభ్యంతరం లేదని, నాన్నగారు స్వయంగా వచ్చి సమ్మతి పత్రం మీద సంతకం చేయాలని చెప్పారు. వడ్డీ మారినప్పుడు గడువు పొడిగించవద్దన్న పేరా గురించి మాత్రం, అది కంప్యూటరులో దానంతట అదే జరుగుతుందని, శాఖ స్థాయిలో తాము ఆపలేమని అన్నారు. ఆ మాట రాసి ఇమ్మని అడిగితే విభాగం నుంచి జవాబు వస్తుందన్నారు.

కాళహస్తి కోడర్

చూశారా, నేను భయపడింది అదే. వడ్డీ పెరిగిన ప్రతిసారీ యాప్‌లో నెలలు చూసుకుని మళ్లీ లేఖ ఇవ్వాల్సిందే.

చిత్తూరు విశ్రాంత అధికారి

ఆపలేకపోవచ్చు, కానీ తెలియజేయకుండా ఉండకూడదు. వడ్డీ మార్పు వల్ల వాయిదా గానీ గడువు గానీ మారితే వెంటనే చెప్పాలి. ప్రతి మూడు నెలలకూ మిగిలిన వాయిదాల సంఖ్యతో స్టేట్‌మెంటు ఇవ్వాలని కూడా అదే సూచనల్లో ఉంది. విభాగం నుంచి జవాబు వచ్చాక అందులోని మాటలను యథాతథంగా ఇక్కడ పెట్టండి, ఆ తర్వాత ఏం రాయాలో చూద్దాం.